కొత్త అండర్-16 జట్టు, రెండో వారం: పాత జట్టు వాళ్ళు పాత జట్టు వాళ్ళకే పాస్ ఇస్తున్నారు

కుడివింగ్_కోచ్

అండర్-16 ఫుట్‌బాల్ జట్టు కొత్తగా తయారైంది, మొత్తం 18 మంది. ఇందులో 7 మంది ఒక పాత జట్టు నుంచి వచ్చారు, 6 మంది ఇంకో పాత జట్టు నుంచి. మిగతా 5 మంది సెలక్షన్స్‌కి ఎవరికి వాళ్ళు వచ్చి ఎంపికైనవాళ్ళు. వారానికి మూడు సెషన్లు, ఒక్కోటి గంటన్నర. లీగ్ మొదలవడానికి నెల టైమిచ్చారు, అందులో పది రోజులు అయిపోయాయి.

నిన్న మొదటి ప్రాక్టీస్ మ్యాచ్ 3-0 తో ఓడిపోయాం. ఓడినందుకు కాదు నా బాధ, రెండో గోల్ పడిన తీరు గురించి. బంతి మా పెనాల్టీ ఏరియాలోకి ఎత్తుగా వచ్చి ఒకసారి నేలకి తగిలి లేచింది. గోల్‌కీపర్ ముందుకొస్తూ "వదిలెయ్" అని అరిచాడు. సెంటర్ బ్యాక్ అది విని కూడా బంతిని బయటికి బాదబోయాడు. ఇద్దరూ గుద్దుకున్నారు, బంతి పక్కకి జారింది, అవతలి కుర్రాడు ఖాళీ గోల్లోకి నెట్టేశాడు. లేచాక మా వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కీపర్ పాత జట్టు వాళ్ళు ముగ్గురు పరిగెత్తుకెళ్ళి కీపర్ భుజం తట్టారు, డిఫెండర్ పాత జట్టు వాళ్ళు డిఫెండర్ దగ్గరికి వెళ్ళారు. విడిగా వచ్చిన ఐదుగురిలో మైదానంలో ఉన్నవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడిపోయారు.

పాస్‌లు కూడా అంతే. పక్కనే ఖాళీగా ఉన్నవాడిని వదిలేసి ఇరవై గజాల అవతల ఉన్న పాత స్నేహితుడికి కొడుతున్నారు. మిగిలిన మూడు వారాల్లో ఏం చెయ్యాలి? ఇలాంటి జట్టుని నడిపినవాళ్ళు చెప్పండి.

డ్రిల్‌పుస్తకం

ఒక రోజు ప్రాక్టీస్ మానేసి అందర్నీ ఎక్కడికైనా పిక్నిక్ తీసుకెళ్ళండి. కళ్ళు మూసుకుని వెనక్కి పడటం, వెనకవాడు పట్టుకోవడం లాంటి ఆటలు ఆడించండి. ఇంకో విషయం, టక్‌మన్ అని ఒక సైకాలజిస్ట్ 1965లోనే చెప్పాడు, ఏ జట్టైనా ముందు కలుస్తుంది, తర్వాత గొడవ పడుతుంది, తర్వాత సర్దుకుంటుంది, ఆ తర్వాతే బాగా పనిచేస్తుంది. మీరిప్పుడు రెండో దశలో ఉన్నారు. గొడవ పడనివ్వండి, అదే తగ్గుతుంది.

స్టాప్‌వాచ్

3-0 అంటే ఫిట్‌నెస్ సమస్య అనిపిస్తోంది. చివరి 20 నిమిషాల్లో ఎన్ని గోల్స్ పడ్డాయి? ముందు పరుగు పెంచండి, అలిసిపోయినవాడు దగ్గర్లో కనిపించినవాడికే ఇస్తాడు.

కుడివింగ్_కోచ్

@స్టాప్‌వాచ్ మూడూ మొదటి సగంలోనే పడ్డాయండి. పైగా మా వాళ్ళు దగ్గర్లో ఉన్నవాడికి ఇవ్వకపోవడమే సమస్య.

స్టాప్‌వాచ్

సరే, నేను హడావిడిగా చదివాను. అయినా ఫిట్‌నెస్ చూసుకోండి.

మైదానం_వసుధ

అమ్మాయిల జట్లకీ అబ్బాయిల జట్లకీ కోచింగ్ ఇచ్చాను, ఇలా రెండు జట్లు కలిపి కొత్త జట్టు చేసిన సందర్భం నాకు నాలుగుసార్లు వచ్చింది. మొదటిసారి నేనూ పిక్నిక్కే పెట్టాను. బస్సులో ముందు సగం ఒక జట్టు, వెనక సగం ఇంకో జట్టు కూర్చున్నాయి, సాయంత్రం అలాగే తిరిగొచ్చాయి.

ముజఫర్ షెరీఫ్ అనే సైకాలజిస్ట్ 1954లో అమెరికాలో పిల్లల వేసవి శిబిరంలో ఒక ప్రయోగం చేశాడు. రెండు గుంపులుగా చేసి పోటీలు పెట్టి వాళ్ళ మధ్య వైరం పెరిగాక, కలిపి భోజనాలు పెట్టించాడు, సినిమా చూపించాడు. వాళ్ళు అక్కడ కూడా కొట్టుకున్నారు. నీళ్ళ సరఫరా ఆగిపోయినప్పుడు, బండి కదలనప్పుడు అందరూ కలిస్తే తప్ప పని జరగని పరిస్థితి తెచ్చాకే నెమ్మదిగా కలిశారు. వాళ్ళు 11 ఏళ్ళ పిల్లలు, ఆ వైరం కావాలని పెంచింది కాబట్టి మనకి అచ్చుగుద్దినట్టు సరిపోదు. కానీ ఒకచోట కూర్చోబెడితే కలవరు, ఒకరితో ఒకరికి పని పడితే కలుస్తారు అనే ముక్క మాత్రం నేను కళ్ళారా చూశాను.

టక్‌మన్ సంగతి. ఆయన దశలు ఎక్కువగా చికిత్స బృందాలు, శిక్షణ బృందాల మీద వచ్చిన అధ్యయనాలు చదివి రాసినవి. మూడు వారాల్లో లీగ్ ఆడాల్సిన 15 ఏళ్ళ పిల్లల్ని చూసి రాసినవి కావు. గొడవ దానంతటదే తగ్గుతుందని వదిలేస్తే, తగ్గేలోపు విడిగా వచ్చిన ఐదుగురిలో ఇద్దరు మానేస్తారు.

కోచ్ గారూ, రెండు ప్రశ్నలు. ఒకటి, మీ జట్టులో "వదిలెయ్" అంటే ఏమిటని కీపర్‌నీ డిఫెండర్‌నీ విడివిడిగా అడిగారా? రెండు, పాస్‌లు పాత స్నేహితులకే వెళ్తున్నాయని కంటితో చూసి చెబుతున్నారా, లెక్కపెట్టారా?

కుడివింగ్_కోచ్

రెండూ చెయ్యలేదు. "వదిలెయ్" అంటే వదిలెయ్యడమే కదా, అందులో అడగడానికి ఏముంది?

మూడో_గోలీ

ఉంది అన్నా. నేను పదేళ్ళు కీపర్‌ని. మా పాత జట్టులో కీపర్ "వదిలెయ్" అంటే "నాకు వదిలెయ్, నేను పట్టుకుంటా" అని. తర్వాత నేను చేరిన జట్టులో డిఫెండర్లు అదే మాటని "బంతి వదిలించుకో, బయటికి కొట్టు" అనే అర్థంలో వాడేవాళ్ళు. మొదటి మ్యాచ్‌లోనే నా ముక్కు మీద మోచెయ్యి తగిలింది. మీ రెండో గోల్ గురించి చదువుతుంటే ఆ రోజే గుర్తొచ్చింది.

డ్రిల్‌పుస్తకం

అసలు పేరు చెప్పకుండా "వదిలెయ్" అని అరిస్తే ఫౌల్ కదా? మాకు చిన్నప్పుడు అలాగే నేర్పారు.

పాతరిఫరీ

కాదు. చాలామంది అలాగే అనుకుంటారు, కానీ పేరు చెప్పి తీరాలని నియమాల్లో ఎక్కడా లేదు. మాటతో ప్రత్యర్థిని మోసం చేసినా, అతని ధ్యాస చెడగొట్టినా అది క్రీడాస్ఫూర్తికి విరుద్ధం, అప్పుడు పసుపు కార్డూ ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్కూ. అవతలివాడి వెనక నిలబడి వాడి సొంత జట్టువాడిలా "వదిలెయ్" అని అరిచి బంతి లాక్కున్నాడనుకోండి, అది తప్పు. సొంత జట్టువాళ్ళతో మాట్లాడుకుంటే తప్పేం లేదు. అయినా పేరు పెట్టి పిలవడం మంచి అలవాటు. రిఫరీకి అనుమానం రాదు, మీవాళ్ళకి అయోమయం ఉండదు.

మైదానం_వసుధ

@పాతరిఫరీ సరిగ్గా చెప్పారు.

కోచ్ గారూ, రేపటి సెషన్‌లో పదిహేను నిమిషాలు దీనికే పెట్టండి. మీరు పదాలు ఇవ్వకండి. కీపర్లనీ నలుగురు డిఫెండర్లనీ గోల్ ముందు నిలబెట్టి, పాత జట్టులో ఏ మాటకి ఏ అర్థమో చెప్పమనండి. తేడాలు బయటపడతాయి. అప్పుడు నాలుగు మాటలు చాలు, అవి వాళ్ళనే ఎంచుకోనివ్వండి. కీపర్ పట్టుకుంటానంటే ఒకటి, డిఫెండర్ బయటికి కొట్టాలంటే ఒకటి, వెనక ప్రత్యర్థి ఉన్నాడని చెప్పడానికి ఒకటి, తిరగడానికి టైముందని చెప్పడానికి ఒకటి. రెండు మాటల మొదటి శబ్దం ఒకేలా ఉండకూడదు, ఎందుకంటే గాల్లో సగం మాటే వినపడుతుంది. తర్వాత మీరు చేత్తో అలాంటి ఎగిరే బంతులే ఒక ఇరవై వెయ్యండి. ఆలస్యంగా అరిచినది లెక్కలోకి రాదు, మళ్ళీ వెయ్యండి.

పాస్‌లు లెక్కపెట్టే పద్ధతి సాయంత్రం రాస్తాను.

బాస్కెట్‌అమ్మ

మా అమ్మాయిది బాస్కెట్‌బాల్, ఆమె సంగతి చెప్పవచ్చా? కొత్త జట్టులో చేరి నెల దాటింది, రోజూ వెళ్తుంది, వస్తుంది, ఏమీ మాట్లాడదు. కోచ్ చాలా మంచివారు, ఎవర్నీ తిట్టరు. ఒక రోజు నేను గ్యాలరీలో కూర్చుని గంటసేపు చూశాను. ఆ గంటలో మా అమ్మాయిని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. "ఏయ్", "ఇటు", "నువ్వే", అంతే. ఇంటికొచ్చాక నెమ్మదిగా అడిగితే "వాళ్ళలో ఇద్దరికి నా పేరు తెలీదమ్మా" అంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీ ఐదుగురి గురించి చదివి రాయాలనిపించింది.

బెంచ్‌మీద_రవి

@బాస్కెట్‌అమ్మ మీరు రాసింది రెండుసార్లు చదివానండి. నేను 15 ఏళ్ళప్పుడు అలా ఒంటరిగా వచ్చిన కుర్రాణ్ణే. రెండు గుంపులూ కొట్టుకుంటుంటే కోచ్ దృష్టంతా వాళ్ళ మీదే ఉండేది. నాకు ఎవరితోనూ గొడవ లేదు కాబట్టి నాకు సమస్యే లేదని అనుకున్నారు. వార్మప్‌లో "జంటలుగా విడిపోండి" అనేవారు చూడండి, ఆ మాటంటే నాకు కడుపులో తిప్పేది. ఎవరి జంట వాళ్ళకి క్షణంలో కుదిరేది, నేను చివర్లో కోచ్‌తో చేసేవాణ్ణి. కోచ్ గారూ, ఒక్కటి చెయ్యండి చాలు, "మీరే జంటలు ఎంచుకోండి" అని ఎప్పుడూ అనకండి. మీరే చెప్పండి ఎవరితో ఎవరో.

తొలిటచ్

"జంటలుగా విడిపోండి" విని కడుపులో తిప్పినవాళ్ళ సంఘానికి నన్నూ సభ్యుణ్ణి చెయ్యండి రవి అన్నా. మనమే పదకొండు మంది అయ్యేలా ఉన్నాం, జట్టు దించేద్దాం.

మైదానం_వసుధ

రవి చెప్పింది మొదటి రోజు నుంచే చెయ్యాల్సిన పని. గోడ మీద ఒక కాగితం పెట్టి ప్రతి సెషన్‌కీ జంటలు రాసేయండి. 18 మంది అంటే ఒక్కొక్కరికి 17 మంది జోడీలు. సెషన్‌కి రెండు జంటల పనులు పెడితే తొమ్మిది సెషన్లలో అందరూ అందరితో కనీసం ఒకసారి చేస్తారు. మీకు మిగిలినవి సుమారు తొమ్మిదే.

పాస్‌ల లెక్క ఇదీ. 8 మందికి 8 మంది, 20 నిమిషాలు ఆడించండి. ప్రతి వైపూ పాత జట్టు-1 నుంచి 3, పాత జట్టు-2 నుంచి 3, విడిగా వచ్చినవాళ్ళు 2. ఇద్దరు బయట మిగులుతారు, వాళ్ళలో ఒకరికి కాగితం ఇవ్వచ్చు కానీ ఏం లెక్కపెడుతున్నారో పిల్లలకి తెలియకూడదు, అందుకని పెద్దవాళ్ళెవరైనా మేలు. ఒక్క జట్టునే చూడండి. పాత జట్ల పిల్లలు ఆరుగురూ ఇచ్చిన పాస్‌లు మాత్రమే మూడు గళ్ళలో గీతలు పెట్టండి: సొంత పాత జట్టువాడికి, అవతలి పాత జట్టువాడికి, విడిగా వచ్చినవాడికి.

ఒక్కో కుర్రాడికి సహచరులు ఏడుగురు. సొంతవాళ్ళు ఇద్దరు, అవతలివాళ్ళు ముగ్గురు, విడిగా వచ్చినవాళ్ళు ఇద్దరు. ఎవరని చూడకుండా ఇస్తే ప్రతి ఏడు పాస్‌లలో ఐదు సొంత గుంపు బయటికి పోవాలి. మీ లెక్క దానికి ఎంత దూరంలో ఉందో చూడండి.

కుడివింగ్_కోచ్

రెండు రోజులయ్యింది, చెబుతాను.

ముందు మాటల సంగతి. మూడో_గోలీ అన్నట్టే అయ్యింది. కీపర్ "నాకు వదిలెయ్ అని అన్నాను సార్" అన్నాడు. డిఫెండర్ "మా దగ్గర వదిలెయ్ అంటే కొట్టెయ్ అనే సార్" అన్నాడు. ఇద్దరూ ఒకేసారి ఆగిపోయి ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. నాలుగు రోజులుగా "వాడు నా మాట వినడు" అని కీపర్, "వాడు నన్ను ఇరికించాడు" అని డిఫెండర్ మనసులో పెట్టుకుని తిరిగారు. ఇప్పుడు కీపర్ పట్టుకునేదానికి "నాదే", బయటికి కొట్టడానికి "కొట్టు", వెనక మనిషి ఉంటే "మనిషి", టైముంటే "తిరుగు". "తిరుగు" అని మొదట అన్నది విడిగా వచ్చిన ఒక కుర్రాడు. అందరూ సరేనన్నారు. వాడి గొంతు నేను సరిగ్గా వినడం అదే మొదటిసారి.

ఇక పాస్‌లు. ఆరుగురూ కలిసి 41 పాస్‌లు ఇచ్చారు. సొంతవాళ్ళకి 25, అవతలి జట్టువాళ్ళకి 12, విడిగా వచ్చిన ఇద్దరికీ కలిపి 4. లెక్క ప్రకారం బయటికి 29 దాకా పోవాలి, పోయినవి 16. ఆ ఇద్దరికే 12 దాకా రావాలి, వచ్చినవి 4. నా దృష్టంతా రెండు గుంపుల గొడవ మీదే ఉంది, అసలు దెబ్బ తగిలింది ఈ పిల్లలకి.

మైదానం_వసుధ

ఆ ఆరుగురినీ ఏయే స్థానాల్లో ఆడించారు?

కుడివింగ్_కోచ్

పాత జట్టు-1 ముగ్గురూ కుడివైపు: బ్యాక్, మిడ్‌ఫీల్డ్, ముందు ఒకడు. జట్టు-2 వాళ్ళు ఎడమవైపు. వాళ్ళకి ముందే అవగాహన ఉంది కదా అని అలా పెట్టాను. విడిగా వచ్చినవాళ్ళలో ఒకడు గోల్లో, ఒకడు మధ్యలో.

మైదానం_వసుధ

అయితే అందులో కొంత మీరు పెట్టిన లైనప్పే చేయిస్తోంది. కుడి బ్యాక్ కుడి మిడ్‌ఫీల్డర్‌కి ఇవ్వడం సహజం. దాన్ని పిల్లల పంతం కింద లెక్కెయ్యడం న్యాయం కాదు. పక్క పక్క స్థానాల్లో వేర్వేరు చోట్ల నుంచి వచ్చినవాళ్ళని పెట్టి మళ్ళీ లెక్కపెట్టండి.

మూడో_గోలీ

ఇక్కడ మాత్రం నాకు అభ్యంతరం ఉంది. ఇద్దరు కుర్రాళ్ళకి మూడేళ్ళుగా కలిసి ఆడిన అలవాటుంది, ఒకడు తలెత్తకుండానే ఇంకోడు ఎక్కడ పరిగెడతాడో వాడికి తెలుసు. దాన్ని విడగొట్టి సమానత్వం పేరుతో పక్కన పెడితే మ్యాచ్‌లో ఉన్న బలం కూడా పోతుంది. లీగ్ మూడు వారాల్లో ఉంది.

మైదానం_వసుధ

ప్రాక్టీస్‌లో కలపమంటున్నాను, లీగ్ మ్యాచ్‌లో ఆ జంటను పక్కపక్కనే పెట్టుకోవచ్చు.

మూడో_గోలీ

ప్రాక్టీస్‌లో ఆడని జంట మ్యాచ్‌లో ఎలా ఆడుతుంది?

మైదానం_వసుధ

మూడేళ్ళ అలవాటు మూడు వారాల్లో పోదు.

మూడో_గోలీ

పోతుంది, నేను చూశాను. ఈ ఒక్క విషయంలో మనకి కుదరదులెండి.

పాతరిఫరీ

ఇంకో మాట. నేను విజిల్ పట్టుకుని నిలబడినన్ని రోజులూ ఒకటి గమనించేవాణ్ణి. తప్పు జరిగిన తర్వాత మూడు సెకన్లు. పాస్ తప్పినవాడి వైపు ఎన్ని చేతులు పైకి లేస్తాయి, ఎంతమంది తల విదిలిస్తారు, ఎంతమంది వెనక్కి పరిగెడతారు. చేతులు లేపే జట్టులో తప్పు చేసినవాడు తర్వాత పది నిమిషాలు బంతి అడగడు, డిఫెండర్ వెనకాల దాక్కుంటాడు. కోచ్ గారూ, అది కూడా చూడండి. ముందు మీ చేతులు చూసుకోండి. గీత అవతల కోచ్ నెత్తి మీద చేతులు పెట్టుకుంటే లోపల పదిమందీ అదే చేస్తారు.

కుడివింగ్_కోచ్

@పాతరిఫరీ నేను పెట్టుకుంటాను నెత్తి మీద చేతులు. మా ఆవిడ తీసిన వీడియోలో చూశాను. రెండో గోల్ పడ్డప్పుడు నేను వెనక్కి తిరిగి నిలబడ్డాను కూడా. మార్చుకుంటాను.

డ్రిల్‌పుస్తకం

కెప్టెన్ సంగతేంటి? పిల్లల చేతే ఓటు వేయించండి, వాళ్ళు ఎన్నుకున్నవాడి మాట వాళ్ళు వింటారు. బాధ్యత వాళ్ళదే అవుతుంది.

తొలిటచ్

7, 6, 5. ఓటు వేయకముందే ఫలితం రాసిపెట్టచ్చు.

మైదానం_వసుధ

నవ్వొచ్చినా తొలిటచ్ చెప్పింది నిజం. రెండో వారంలో ఓటు పెడితే అది కెప్టెన్ ఎన్నిక అవ్వదు, తలల లెక్క అవుతుంది. ఓడినవాళ్ళకి ఆ పట్టీ చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది. మొదటి నెల అయ్యేదాకా మ్యాచ్‌కొకరికి పట్టీ ఇవ్వండి, మొదట విడిగా వచ్చినవాళ్ళలో ఒకరికి. ఆ తర్వాత చూద్దాం.

డ్రిల్‌పుస్తకం

మారుతూ ఉంటే అసలు ఎవరి మాటా చెల్లదు. 15 ఏళ్ళ వాళ్ళకి ఒక నాయకుడు కావాలి. పిక్నిక్ విషయంలో నేను ఒప్పుకుంటాను కానీ ఇందులో కాదు.

బాస్కెట్‌అమ్మ

నాకు ఆట తెలియదు, ఒక అనుమానం. పిల్లలు ఫోన్లో వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటారు కదా, అందులో ఎవరున్నారో మీకు తెలుసా? మా అమ్మాయి జట్టుకి రెండున్నాయి. ఒకటి అందరిదీ, దాంట్లో ప్రాక్టీస్ టైము తప్ప ఏమీ ఉండదు. రెండోది వాళ్ళలో కొందరిది, అసలు మాటలన్నీ అక్కడే. అందులో లేనివాళ్ళకి మర్నాడు వాళ్ళు ఎందుకు నవ్వుకుంటున్నారో తెలియదు.

కుడివింగ్_కోచ్

ఉండే ఉంటుందండి. అడిగితే దాచేస్తారేమోనని అడగలేదు.

మైదానం_వసుధ

అడగకండి, అందులోకి దూరకండి కూడా. పిల్లలతో కోచ్ ఒంటరిగా మెసేజ్‌లు పెట్టుకోవడమే మంచిది కాదు. జట్టు గ్రూపులో మీతోపాటు ఇంకో పెద్దవాళ్ళు, తల్లిదండ్రుల్లో ఒకరు ఉండాలి. వాళ్ళ సొంత గ్రూపు వాళ్ళిష్టం. కానీ ఒకర్ని ఏడిపిస్తున్నారని మీ చెవిన పడితే అది వాళ్ళిష్టం కాదు, ఆ రోజే ఇళ్ళకి తెలియాలి.

బెంచ్‌మీద_రవి

రెండో లెక్క ఎంతొచ్చింది కోచ్ గారూ? వారం అయ్యింది.

కుడివింగ్_కోచ్

ఆలస్యమయ్యింది, క్షమించండి. స్థానాలు కలిపి పెట్టాక 44 పాస్‌లు. బయటికి 28, అందులో విడిగా వచ్చినవాళ్ళకి 9. బయటికి 31 దాకా రావాలి కాబట్టి చాలా దగ్గరికి వచ్చాం. విడిగా వచ్చినవాళ్ళకి 12, 13 రావాలి, ఇంకా తక్కువే.

ఇంకోటి చేశాను, బాస్కెట్‌అమ్మ గారి మాట వల్ల. ఐదుగురు వలయంగా, మధ్యలో ఇద్దరు బంతి లాక్కునే ఆట ఉంది కదా, దాంట్లో పాస్ ఇచ్చే ముందు తీసుకునేవాడి పేరు చెప్పాలని పెట్టాను. పేరు చెప్పకపోతే మధ్యలోకి వెళ్ళాలి. మొదటి రోజు ఒక కుర్రాడు బంతి కాళ్ళ దగ్గర పెట్టుకుని, ఎదురుగా ఖాళీగా నిలబడినవాడి వైపు చూస్తూ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. పేరు రాలేదు. రెండు వారాలుగా వాడితో ఆడుతున్నాడు. వాడి చెవులు ఎర్రబడటం నేను చూశాను. అవతలివాడు తన పేరు తానే చెప్పాడు, "కిరణ్ రా" అని. ఆ తర్వాత ఆ రోజంతా వీడు వాడి పేరు అవసరం లేనప్పుడు కూడా పిలిచాడు.

బాస్కెట్‌అమ్మ

ఇది మా అమ్మాయికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, ఫోన్ తీసుకుని మళ్ళీ తనే చదువుకుంది.

మైదానం_వసుధ

బాగుంది. కానీ 16 నుంచి 28 అయ్యిందని అప్పుడే నమ్మకండి. స్థానాలు మార్చారు కాబట్టి కొంత పెరగక తప్పదు. అసలు పరీక్ష వెనకబడినప్పుడు ఉంటుంది. ఒక గోల్ వెనక ఉండి, పది నిమిషాలే ఉన్నప్పుడు ఎవరికి ఇస్తారో అది రాసుకోండి. భయపడ్డప్పుడు మనిషి పాత అలవాటు దగ్గరికి పరిగెడతాడు.

కుడివింగ్_కోచ్

నెల నిన్నటితో అయిపోయింది. శనివారం లీగ్ ముందు చివరి ప్రాక్టీస్ మ్యాచ్ ఆడాం, 2-1 తో ఓడాం. వసుధ గారు చెప్పినట్టే మా ఆవిడ వీడియో చూసి లెక్కపెట్టాను. మొదటి గంట బాగా కలిసి ఆడారు. 2-1 అయ్యాక చివరి పది నిమిషాల్లో పాస్‌లు మళ్ళీ పాత దారుల్లోకి వెళ్ళిపోయాయి. పాత జట్ల పిల్లలు ఇచ్చిన 19లో 12 సొంతవాళ్ళకే. విడిగా వచ్చినవాళ్ళకి ఒక్కటి. కిరణ్ ఎడమవైపు గీత మీద చెయ్యెత్తుకుని మూడుసార్లు ఒంటరిగా నిలబడ్డాడు.

వాళ్ళకి అరవకుండా ఆ క్లిప్ చూపించాను, ఎవరి పేరూ ఎత్తలేదు. ఒక్కటే అడిగాను, ఇక్కడ ఖాళీగా ఎవరున్నారు అని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పాత జట్టు-1 కుర్రాడు "కిరణ్" అన్నాడు. ఇకనుంచి ప్రతి సెషన్ చివరి పది నిమిషాలు 1-0 వెనకబడ్డట్టు ఆడిస్తాను, గోల్ కొట్టకముందు విడిగా వచ్చినవాళ్ళలో ఒకరైనా బంతి తాకి ఉండాలని షరతు.

మూడో_గోలీ

ఆ షరతు ప్రమాదం అన్నా. బంతి వాడికి ఇచ్చి వెంటనే లాక్కుంటారు, మొక్కుబడిగా. వాడు జట్టులో మనిషి కాకుండా నియమం అయిపోతాడు.

బెంచ్‌మీద_రవి

@మూడో_గోలీ నిజమే. నాకలా జరిగింది. నా వైపు చూడకుండానే నాకు పాస్ వచ్చేది.

కుడివింగ్_కోచ్

అయితే షరతు లేకుండా పది నిమిషాల ఆట మాత్రం ఉంచుతాను. తర్వాత క్లిప్ చూపిస్తాను, అంతే.

మైదానం_వసుధ

అదే మేలు. కీపర్, డిఫెండర్ ఎలా ఉన్నారు?

కుడివింగ్_కోచ్

స్నేహితులయ్యారని చెప్పలేను, బస్సులో ఇంకా వేర్వేరు చోట్లే కూర్చుంటారు. శనివారం అలాంటి బంతే వచ్చింది. ఎత్తుగా వచ్చి, ఒకసారి ఎగిరి. కీపర్ "నాదే" అన్నాడు. డిఫెండర్ బంతి వైపు చూడటం మానేసి, వెనక్కి తిరిగి, వస్తున్న ఫార్వర్డ్‌కి అడ్డంగా నిలబడ్డాడు. బంతి ఎక్కడుందో చూడను కూడా చూడలేదు.

కెప్టెన్ పట్టీ మాత్రం ఇంకా తేలలేదు. నాలుగు మ్యాచ్‌లకి నలుగురు కట్టుకున్నారు. వచ్చే శనివారం దాకా టైముంది, డ్రిల్‌పుస్తకం గారూ మీరన్న ఓటు సంగతి మళ్ళీ చెప్పండి, ఇప్పుడు పెడితే మళ్ళీ 7, 6, 5 అవుతుందా?

డ్రిల్‌పుస్తకం

నెల క్రితం అయితే అయ్యేది. ఇప్పుడు పెట్టండి, చీటీల మీద ఒక్కొక్కరు రెండేసి పేర్లు రాయాలి, ఇద్దరూ ఒకే పాత జట్టు వాళ్ళు కాకూడదు.

మైదానం_వసుధ

నేనైతే ఇంకో నెల ఆగుతాను.